ఉద్దానం కిడ్నీ జబ్బుపై ప్రసంగాల్లో చూపే గ్రాఫులు: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని పలాస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు గురించి జరిగే అవగాహన సభలకు ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, విలేకరులు, యువజన సంఘాల సభ్యులు తరచుగా హాజరవుతుంటారు. వక్త తెర మీద చూపిన గ్రాఫు, ఆయన నోటితో చెప్పిన మాటను నిజంగా నిలబెడుతోందా లేదా అన్న సందేహం వారిలో చాలామందికి కలుగుతుంది. ఆ సందేహాన్ని తీర్చుకోవడానికి పనికొచ్చే జవాబులు ఇక్కడ ఉన్నాయి. లెక్క తేటపడడానికి ఊహించుకున్న అంకెలు వచ్చిన చోటల్లా "అనుకుందాం" అని రాశాం. వాటిని ఉద్దానం గణాంకాలుగా ఎక్కడా ఎత్తి రాయవద్దని మనవి.

గ్రాఫు తెర మీద అర నిమిషం కూడా ఉండదు. ముందుగా దేన్ని చూడాలి?

గ్రాఫును చూడడానికి ముందు వక్త చెప్పిన వాక్యాన్ని ఆయన మాటల్లోనే కాగితం మీద రాసుకోండి. "జబ్బు పెరుగుతోంది", "నీళ్ల వల్లే వస్తోంది", "పథకం వచ్చాక తగ్గింది" అన్నవి మూడూ వేర్వేరు మాటలు. ఒక్కోదానికి ఒక్కో రకం ఆధారం కావాలి. వాక్యం రాసుకున్నాక, గ్రాఫులో లెక్కపెట్టినది ఏమిటి, ఎంతమందిలోంచి లెక్కపెట్టారు, వాళ్లు ఎవరు అన్న మూడు సంగతులు కనబడుతున్నాయో లేదో చూడండి. ఈ మూడింటిలో ఏది కనబడకపోతే అదే మీరు అడగవలసిన ప్రశ్న. రంగులు, బాణాలు, ఎర్రటి అక్షరాలు తరవాత చూసుకోవచ్చు.

"ఏటా రోగుల సంఖ్య పెరుగుతోంది" అంటూ బార్ గ్రాఫు చూపించారు. బార్లు నిజంగానే పెరుగుతున్నాయి. ఇంకా సందేహం ఎందుకు?

బార్లు చూపించేది ఆ ఏడాది బయటపడిన రోగుల సంఖ్యను. ఆ ఏడాది కొత్తగా జబ్బు వచ్చినవారి సంఖ్యను కాదు. ఈ రెండింటికీ ఉన్న తేడా ఉద్దానంలో మరీ ముఖ్యం, ఎందుకంటే ఈ ప్రాంతంలో పరీక్షల శిబిరాలు, డయాలసిస్ కేంద్రాలు, ఆసుపత్రి సౌకర్యాలు కొన్నేళ్లుగా పెరుగుతూ వచ్చాయి. వెతికేవాళ్లు పెరిగితే దొరికేవాళ్లు కూడా పెరుగుతారు.

ఒక లెక్క చూడండి. మొదటి ఏడాది 2,000 మందికి రక్త పరీక్ష చేస్తే 200 మందిలో కిడ్నీ పనితీరు తక్కువగా ఉన్నట్టు తేలిందని అనుకుందాం. మూడో ఏడాది శిబిరాలు పెంచి 8,000 మందికి పరీక్ష చేస్తే 640 మందిలో అదే తేలిందని అనుకుందాం. బార్ గ్రాఫులో 200 పక్కన 640 నిలబడితే జబ్బు మూడింతలు దాటినట్టు కనిపిస్తుంది. పరీక్షకు వచ్చినవారిలో వంతు తీస్తే మొదటి ఏడాది నూటికి పది, మూడో ఏడాది నూటికి ఎనిమిది. అంటే అవే అంకెలు ఒక గ్రాఫులో పైకి ఎగబాకుతాయి, మరో గ్రాఫులో కిందికి దిగుతాయి.

అయితే ఈ రెండో గ్రాఫును పట్టుకొని జబ్బు తగ్గిందని అనడం కూడా తొందరపాటే. మొదటి ఏడాది శిబిరానికి ఒళ్లు బాగాలేనివాళ్లు, ఇంట్లో ఎవరికో జబ్బు ఉండి భయపడినవాళ్లు ముందుగా వచ్చి ఉంటారు. మూడో ఏడాదికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా వచ్చి ఉంటారు. అప్పుడు వంతు తగ్గడానికి కారణం వచ్చినవాళ్లు మారడమే. కాబట్టి ఈ అంకెలతో పెరిగిందనీ చెప్పలేం, తగ్గిందనీ చెప్పలేం. చెప్పగలిగిందల్లా, మూడో ఏడాది 640 మందిలో పరీక్షించి చూడవలసిన సంకేతం కనిపించిందని. వాళ్లలో మొదటి ఏడాది దొరికిన 200 మందిలో కొందరు మళ్లీ వచ్చి లెక్కలో చేరారా అన్నది ఇంకో ప్రశ్న. మొదటి ఏడాది నుంచి మొత్తాన్ని కూడుకుంటూ పోయే గ్రాఫు అయితే అది ఎప్పటికీ కిందికి దిగదు; జబ్బు పూర్తిగా ఆగిపోయిన ఏడాది కూడా అది బల్లపరుపుగా ఉంటుందే తప్ప తగ్గదు.

శాతాలు చూపిస్తే సరిపోతుందా? "ఈ మండలంలో ప్రతి అయిదుగురిలో ఒకరికి జబ్బు ఉంది" అని శాతంతోనే చెప్పారు.

శాతానికి హారం ఉంటుంది. ఆ హారంలో ఉన్నది మండల జనాభానా, శిబిరానికి నడిచి వచ్చినవాళ్లా అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. "పరీక్ష చేయించుకున్నవారిలో అయిదో వంతు" అన్న మాట "మండలంలో అయిదో వంతు"గా మారడానికి సభలో ఒక్క క్షణం చాలు, పైగా మరుసటి రోజు పేపర్లో రెండో మాటే శీర్షిక అవుతుంది.

మండలం గురించి చెప్పాలంటే ఇళ్ల జాబితాలోంచి లాటరీ పద్ధతిలో కొన్ని ఇళ్లను ఎంచుకొని, ఆ ఇళ్లలో ఉన్న పెద్దలందరికీ పరీక్ష చేయాలి. ఎంచుకున్నవారిలో ఎంతమంది నిజంగా రక్తం ఇచ్చారో కూడా చెప్పాలి. పగటిపూట ఇళ్లకు వెళితే కొబ్బరి తోటకో జీడి తోటకో పనికి వెళ్లిన మగవాళ్లు దొరకరు, వృద్ధులు, ఆడవాళ్లు దొరుకుతారు. అందువల్ల ఇంటింటి సర్వే అన్నంత మాత్రాన లోపం లేనిదని అనుకోనక్కరలేదు. ఏ సమయంలో వెళ్లారు, దొరకనివారి కోసం మళ్లీ వెళ్లారా అని అడగవచ్చు.

"కిడ్నీ జబ్బు ఉంది" అని దేన్ని బట్టి లెక్కపెడతారు?

ఇది సభల్లో అతి తక్కువగా వినిపించే ప్రశ్న. నా దృష్టిలో అన్నిటికంటే ముందు రావలసిన ప్రశ్న. కిడ్నీలు వడగట్టి బయటికి పంపవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఎంత ఉందో కొలిచి, దానికి వయసు, స్త్రీ పురుష భేదం జతచేసి, కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని వడగడుతున్నాయో సూత్రం ద్వారా అంచనా వేస్తారు. ఆ అంచనానే ఈజీఎఫ్ఆర్ అంటారు. అది 60 కంటే తక్కువగా ఉండి, ఆ స్థితి కనీసం మూడు నెలలు కొనసాగితేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఈజీఎఫ్ఆర్ 60కి పైన ఉన్నా మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీను పోవడం వంటి కిడ్నీ దెబ్బతిన్న గుర్తు మూడు నెలలు నిలిస్తే అదీ జబ్బే.

శిబిరంలో ఒక్కరోజు తీసిన రక్తంతో ఆ మూడు నెలల షరతు తీరదు. మే నెల ఎండలో పొద్దున్నుంచి పని చేసి, నీళ్లు సరిగా తాగక శిబిరానికి వచ్చిన మనిషిలో క్రియాటినిన్ తాత్కాలికంగా పెరిగి ఉండవచ్చు. వారం విశ్రాంతి తీసుకుంటే మళ్లీ దిగవచ్చు. ఒక్క పరీక్షలో 100 మంది ఈజీఎఫ్ఆర్ 60 అనే గీత కింద పడితే, మూడు నెలల తరవాత వారిలో 30 మంది గీత దాటి పైకి వచ్చారని అనుకుందాం. అప్పుడు గ్రాఫులో ఉండవలసింది 70, ఉన్నది 100. ఒక ఏడాది శిబిరాలు వేసవిలో, మరో ఏడాది చలికాలంలో పెట్టి ఆ రెండు ఏళ్ల బార్లను పక్కపక్కన నిలబెడితే, కనిపించే తేడాలో ఎండ వాటా ఎంతో విడదీయడం కష్టం.

క్రియాటినిన్ కొలిచే ల్యాబు మారిందా అన్నది కూడా అడగవలసినదే. రెండు ల్యాబులు ఒకే ప్రమాణానికి సరిచూసుకోకపోతే ఒకే మనిషి రక్తానికి కొద్ది తేడాతో అంకెలు రావచ్చు, 60 దగ్గర ఉన్నవాళ్లు ఆ చిన్న తేడాకే అటూ ఇటూ దొర్లిపోతారు.

మా ఊళ్లో శాతం పెరిగినట్టు సర్వేలోనే తేలింది, పద్ధతి కూడా సరిగానే ఉంది. అయినా జబ్బు పెరగకపోయి ఉండవచ్చా?

ఉండవచ్చు. శ్రీకాకుళం జిల్లా నుంచి వలసలు ఎంత ఎక్కువో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పనికోసం విశాఖ, హైదరాబాదు, చెన్నై వెళ్లేవాళ్లు ఎక్కువగా వయసులో ఉన్నవాళ్లు. వాళ్లు వెళ్లిపోతే ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు. కిడ్నీ పనితీరు వయసుతోపాటు సహజంగానే తగ్గుతుంది.

ఈజీఎఫ్ఆర్ అంచనాకు వాడే, 2021లో సవరించిన సీకేడీ–ఈపీఐ సూత్రం ప్రకారం డెసిలీటరు రక్తంలో 1.4 మిల్లీగ్రాముల క్రియాటినిన్ ఉన్న ముప్పై ఏళ్ల పురుషుడి ఈజీఎఫ్ఆర్ సుమారు 69 వస్తుంది. అదే క్రియాటినిన్ ఉన్న అరవై అయిదేళ్ల పురుషుడికి సుమారు 56 వస్తుంది. రక్తంలో అంకె ఒకటే, ఒకరు గీతకు పైన, మరొకరు కింద.

ఒక ఊళ్లో వెయ్యి మంది పెద్దలు ఉన్నారని, వారిలో 400 మంది నలభై ఏళ్ల లోపువారని, చిన్నవారిలో నూటికి ఇద్దరికి, పెద్దవారిలో నూటికి పదిహేను మందికి జబ్బు ఉందని అనుకుందాం. మొత్తం 98 మంది, అంటే నూటికి దాదాపు పది. చిన్నవారిలో 200 మంది వలస పోయారు, జబ్బు రేట్లు మాత్రం రెండు వర్గాల్లోనూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు రోగులు 94 మంది, ఊళ్లో పెద్దలు 800 మంది, శాతం దాదాపు పన్నెండు. రోగుల సంఖ్య తగ్గింది, శాతం పెరిగింది, జబ్బు స్వభావంలో మార్పు లేదు. అందుకే రెండు సంవత్సరాలను గానీ రెండు ఊళ్లను గానీ పోల్చే గ్రాఫులో వయసుల వారీగా విడదీసి చూపించారా, లేదా ఒకే వయసు కూర్పుకు సరిచేశారా అని అడగాలి. "ముప్పై నుంచి నలభై ఏళ్లవారిలో మాత్రమే ఎంత?" అని అడిగితే ఇంకా మంచిది, ఉద్దానంలో ఆందోళన కలిగించేది పనిచేసే వయసులోనే జబ్బు రావడం కాబట్టి ఆ ఒక్క అంకె మిగతా గ్రాఫు అంతటికంటే ఎక్కువ చెబుతుంది.

జిల్లా మొత్తం గ్రాఫు 2022 దగ్గర ఒక్కసారిగా మారింది. ఆ ఏడాది ఏం జరిగింది?

2022 ఏప్రిల్ 4న జిల్లాల సరిహద్దులు మారాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరం జిల్లాలో కలిశాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత శ్రీకాకుళం జిల్లాలో సుమారు 27 లక్షల మంది ఉండగా, అదే లెక్కలో కొత్త సరిహద్దులలోని జనాభా సుమారు 22 లక్షలు. జిల్లా పేరు మారలేదు కాబట్టి గ్రాఫు కింద అదే పేరు ఉంటుంది, గీత కూడా విరగకుండా సాగిపోతుంది.

దీని ప్రభావం జబ్బును బట్టి తలకిందులవుతుంది. మలేరియా ఎక్కువగా ఏజెన్సీ ప్రాంతాల జబ్బు. సీతంపేట ఏజెన్సీ వెళ్లిపోయాక శ్రీకాకుళం జిల్లా మలేరియా గీత ఒక్క దోమ చావకుండానే కిందికి దిగవచ్చు. కిడ్నీ జబ్బు విషయంలో ఇందుకు వ్యతిరేకం: ఉద్దానం మండలాలు శ్రీకాకుళంలోనే ఉండిపోయాయి, జిల్లా జనాభా మాత్రం తగ్గింది. కేసులన్నీ ఉద్దానంలోనివే అయితే, ఒక్క కేసు కూడా పెరగకుండానే లక్ష జనాభాకు రేటు అయిదో వంతుకు పైగా ఎగబాకుతుంది. విజయనగరం జిల్లా గ్రాఫులకూ ఇదే తిరకాసు ఉంది. ఆ జిల్లా నుంచి పార్వతీపురం, సాలూరు, కురుపాం ప్రాంతాలు వెళ్లిపోయాయి, రాజాం ప్రాంతం వచ్చి చేరింది. 2022కు అటూ ఇటూ సాగే జిల్లా గీత కనిపిస్తే, పాత సంవత్సరాలను కూడా కొత్త సరిహద్దులకు తిరగరాశారా అని అడగండి. మండలాల వారీ లెక్కలు ఉంటే ఆ పని కష్టమేమీ కాదు.

దీనికి తోడు 2011 తరవాత పదేళ్లకు జరగవలసిన జనాభా లెక్కలు 2021లో జరగలేదు. అందువల్ల ఇటీవలి సంవత్సరాల రేటు ఏదైనా అంచనా జనాభా మీద లెక్కగట్టినదే. ఏ అంచనాను వాడారో చెప్పకుండా దశాంశ స్థానాలతో సహా రేటు చూపిస్తే ఆ దశాంశాలను పట్టించుకోనక్కరలేదు.

బోరు నీళ్లలో సిలికా అనే ఖనిజం ఎక్కువున్న ఊళ్లలో జబ్బు కూడా ఎక్కువ ఉందని చుక్కల గ్రాఫు చూపించారు. చుక్కలు చక్కగా ఏటవాలుగా పైకి వెళుతున్నాయి. ఇంకేం కావాలి?

ఉద్దానం జబ్బుకు సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో శ్రమ, నొప్పి మాత్రలు, జన్యు లక్షణాలు వంటి ఎన్నో కారణాలను పరిశోధకులు అనుమానించారు; ఏ ఒక్కటీ ఇంతవరకు తిరుగులేకుండా రుజువు కాలేదు. సిలికా అనుమానం అర్థం లేనిదని కాదు. ఆ చుక్కల గ్రాఫు ఎంతవరకు సాక్ష్యం చెప్పగలదన్నదే ప్రశ్న.

ఆ గ్రాఫులో ఒక్కో చుక్క ఒక్కో ఊరు. ఊరి సగటు సిలికాకూ ఊరి శాతానికీ పొంతన ఉందని అది చెబుతుంది. ఆ ఊళ్లో జబ్బు పడినవాళ్లే ఆ బోరు నీళ్లు తాగారని అది చెప్పదు. ఒకే ఊళ్లో ఆ బోరు నీళ్లు తాగిన ఇళ్లనూ వేరే బావి నీళ్లు తాగిన ఇళ్లనూ పోల్చిన గ్రాఫు ఉంటే బలం పెరుగుతుంది. తీరం వెంబడి ఒకే రకం నేల ఉన్న ఊళ్లలో పంటలూ ఒకటే, పనీ ఒకటే, ఎండా ఒకటే. సిలికా స్థానంలో "రోజుకు తోటలో పనిచేసే గంటలు" అని అడ్డగీత కింద రాసినా చుక్కలు అలాగే ఏటవాలుగా వెళ్లే అవకాశం ఉంది. ఆ పోలిక చేసి చూశారా అని వక్తను నేరుగా అడగవచ్చు.

కాలం సంగతి మరొకటి. కిడ్నీ పనితీరు ఇంతగా తగ్గడానికి చాలా ఏళ్లు పడుతుంది. నీటి నమూనా మాత్రం ఈ ఏడాది తీసినది. జబ్బు పడిన మనిషి పదిహేనేళ్ల కిందట తాగిన బోరు ఇప్పుడు మూతపడి ఉండవచ్చు, లేదా మరింత లోతుకు దించి ఉండవచ్చు. పైగా జబ్బు తెలిశాక చాలా కుటుంబాలు క్యాన్ నీళ్లకు మారిపోతాయి. "ఇప్పుడు మీరు ఏ నీళ్లు తాగుతున్నారు?" అని అడిగి గ్రాఫు గీస్తే, క్యాన్ నీళ్లు తాగేవాళ్లలోనే జబ్బు ఎక్కువ ఉన్నట్టు తేలవచ్చు. అది చూసి క్యాన్ నీళ్ల వల్లే జబ్బు వచ్చిందని ఒకరు ప్రసంగిస్తే మనం నమ్మం. బోరు నీళ్ల గ్రాఫుకు కూడా అదే కొలత వాడాలి.

ఆఖరిగా, గ్రాఫులో ఏ ఊళ్లు లేవో చూడండి. జబ్బు పేరుపడిన ఊళ్లలోనే నీళ్లు పరీక్షించి ఉంటే, సిలికా ఎక్కువ ఉండీ జబ్బు లేని ఊళ్లు గ్రాఫులోకి రావడానికి దారే లేదు. అలాంటి ఊళ్లు కొన్ని కనిపించి కూడా పొంతన నిలబడితే అప్పుడు వక్త మాటకు బరువు పెరుగుతుంది.

కొన్ని చిన్న ఊళ్లలో జబ్బు అసలు లేదని, పక్క ఊళ్లోనే నాలుగో వంతు మందికి ఉందని చూపించారు. ఇంత తేడా ఊరికే వస్తుందా?

ఊరికే వస్తుంది, పరీక్షించినవాళ్లు తక్కువైతే. అన్ని ఊళ్లలోనూ జబ్బు నూటికి సరిగ్గా పది మందికే ఉందని, ఒక్కో ఊళ్లో ఇరవై మందికి మాత్రమే పరీక్ష చేశారని అనుకుందాం. ఇరవై మందిలో ఒక్కరికీ జబ్బు తగలకుండా ఉండే అవకాశం దాదాపు ఎనిమిదింట ఒకటి. అయిదుగురికి గానీ అంతకు మించి గానీ తగిలే అవకాశం దాదాపు ఇరవై మూడింట ఒకటి. ఇలాంటి ఊళ్లు పాతిక ఉంటే వాటిలో సుమారు మూడు "జబ్బు లేని ఊళ్లు"గా, సుమారు ఒకటి "నాలుగో వంతు మంది రోగులున్న ఊరు"గా కేవలం యాదృచ్ఛికంగా తేలతాయి. ఊరికి నాలుగు వందల మందిని పరీక్షిస్తే అంకెలు చాలావరకు నూటికి ఏడుకూ పదమూడుకూ మధ్యకు దగ్గరపడతాయి.

దీన్ని పసిగట్టడం సులభం: అతి ఎక్కువ ఉన్న ఊళ్లూ అతి తక్కువ ఉన్న ఊళ్లూ రెండూ చిన్న ఊళ్లే అయితే అనుమానించాలి. ఒక్కో చుక్క దగ్గర ఎంతమందిని పరీక్షించారో రాసి ఉండాలి, లేదా పొరపాటు మేర చూపే నిలువు గీత ఉండాలి.

మంచినీటి పథకం వచ్చాక కొత్త కేసులు తగ్గాయని గ్రాఫు చూపించారు. ఇది నమ్మవచ్చా?

హిరమండలం జలాశయం నీటిని ఉద్దానానికి చేర్చే పథకం, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రంతో కూడిన ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అక్కడ ఒక గీత గీసి "ముందు", "తరవాత" అని రాసిన గ్రాఫులో తగ్గుదల ఎంత వేగంగా కనిపిస్తోందో మొట్టమొదట చూడాలి. నీళ్లే కారణమనుకున్నా, మంచి నీళ్లు తాగడం మొదలుపెట్టిన ఏడాదికే కొత్త రోగులు తగ్గిపోవడం జబ్బు స్వభావానికి సరిపడదు. ఒక మనిషి ఈజీఎఫ్ఆర్ ఏడాదికి మూడు చొప్పున తగ్గుతోందని అనుకుందాం; 90 నుంచి 60కి రావడానికి పదేళ్లు పడుతుంది. ఈ ఏడాది గీత దాటేవాళ్లు పథకానికి ఎన్నో ఏళ్ల ముందే దారిలో పడినవాళ్లు. కాబట్టి తగ్గుదల మరీ త్వరగా కనిపిస్తే అది పథకానికి అనుకూల సాక్ష్యం కాదు. లెక్కించే తీరు ఏదో మారిందని సూచించే సంకేతం.

ప్రారంభోత్సవం జరిగిన తేదీ, ఇంటి కుళాయిలో నీళ్లు వచ్చిన తేదీ, ఆ నీళ్లనే తాగడం మొదలుపెట్టిన తేదీ ఒకటి కావు. ఊరి వారీగా మూడో తేదీని పట్టుకొని గీసిన గ్రాఫు విలువైనది. ఇంకా నీళ్లు చేరని పక్క ఊళ్ల గీతను కూడా అదే తెర మీద చూపించాలి. రెండు గీతలూ కలిసి దిగుతుంటే తగ్గుదలకు కారణం మరేదో ఉంది. ఆ ఏడాది అంకె అసాధారణంగా ఎక్కువగా ఉన్న ఊళ్లనే ముందుగా ఎంచుకుంటే, మరుసటి ఏడాది వాటి అంకె ఏమీ చేయకపోయినా కొంత తగ్గుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. పై జవాబులోని ఇరవై మంది లెక్కే అందుకు కారణం.

డయాలసిస్ తీసుకునేవారి సంఖ్య పెరిగితే చెడ్డ వార్త, తగ్గితే మంచి వార్త అనుకోవచ్చా?

అనుకోకూడదు. ఏదైనా ఒక రోజున డయాలసిస్ మీద ఉన్నవారి సంఖ్య, కొత్తగా చేరేవాళ్ల మీదా, చేరినవాళ్లు ఎంతకాలం బతుకుతున్నారన్నదాని మీదా ఆధారపడి ఉంటుంది. యంత్రాలు పెరిగి, విశాఖ దాకా వెళ్లలేక చికిత్స మానేసేవాళ్లు తగ్గి, రోగులు ఇంకో రెండేళ్లు ఎక్కువ బతికితే ఆ గీత పైకి వెళుతుంది. అది మంచి వార్తే. గీత కిందికి దిగినప్పుడు మాత్రం చనిపోయినవారు ఎంతమంది, వేరే ఊరికి మారినవారు ఎంతమంది, చికిత్స ఆపేసినవారు ఎంతమంది అని విడివిడిగా అడగాలి. మరణాల వల్ల దిగిన గీతను విజయంగా చూపించే ప్రసంగం వక్తకు తెలియకుండానే జరిగిపోవచ్చు. డయాలసిస్ రోగులకు ప్రభుత్వ పెన్షను ఉంది కాబట్టి, పేర్లు నమోదు చేయించుకునే ఉత్సాహం కూడా జాబితాను పెంచుతుంది.

నిలువు గీత సున్నా నుంచి మొదలవకపోతే మోసమేనా?

బార్ గ్రాఫు అయితే సున్నా నుంచే మొదలవ్వాలి, ఎందుకంటే అక్కడ మన కన్ను బారు పొడవును కొలుస్తుంది. గీత గ్రాఫుకు ఆ నియమం లేదు. ఈజీఎఫ్ఆర్ 70 నుంచి 64కి తగ్గడం వైద్యపరంగా ముఖ్యమైన మార్పు, సున్నా నుంచి గీస్తే అది కనబడదు. ఎడమ పక్క ఒక కొలత, కుడి పక్క మరో కొలత పెట్టి రెండు గీతలను కలిసి నడిపించిన గ్రాఫును మాత్రం నేను సాక్ష్యంగా తీసుకోను. కుడి పక్క కొలతను కాస్త సాగదీస్తే ఏ రెండు గీతలైనా ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి.

పెద్ద డాక్టరును సభలో ఇలా నిలదీస్తే అమర్యాద కాదా?

నిలదీయనక్కరలేదు, అడిగితే చాలు. "డాక్టరు గారూ, రెండో గ్రాఫులో ఉన్న 640 మందికి మూడు నెలల తరవాత మళ్లీ పరీక్ష చేశారాండీ?" అన్న ప్రశ్నలో నింద ఏమీ లేదు. ఒక గ్రాఫు, ఒక అంకె, ఒక ప్రశ్న. "మీ గ్రాఫులు నమ్మవచ్చా?" అని మొత్తంగా అడిగితే జవాబు కూడా మొత్తంగానే వస్తుంది, దానివల్ల ఏమీ తేలదు. పని చేసినవాళ్లకు హారం తెలిసి ఉంటుంది, చాలాసార్లు సంతోషంగా చెబుతారు. వేరేవారి స్లయిడు అరువు తెచ్చుకున్నవారైతే "అవన్నీ నివేదికలో ఉన్నాయి" అంటారు. అప్పుడు నివేదిక పేరు, ఏడాది, పేజీ అడిగి రాసుకోండి.

గ్రాఫు నిలబడలేదంటే వక్త చెప్పింది అబద్ధమేనా? ఇక పరీక్షలు చేయించుకోనక్కరలేదా?

గ్రాఫు నిలబడకపోతే ఆ గ్రాఫుతో ఆ మాట రుజువు కాలేదని మాత్రమే అర్థం. మాట నిజమే అయి ఉండి, దానికి మరో ఆధారం ఉండవచ్చు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్నదన్న విషయంలో సందేహం లేదు. ఎంత, ఎందుకు, పెరుగుతోందా అన్నవే తగవులో ఉన్న ప్రశ్నలు. ఈ ప్రాంతపు జబ్బులో తొలి దశలో లక్షణాలు దాదాపు కనిపించవు, మూత్రంలో ప్రొటీను కూడా తక్కువగానే పోతుంది. అందువల్ల కాళ్ల వాపు వచ్చేదాకా ఆగకుండా, మూత్ర పరీక్ష ఒక్కటే చాలని అనుకోకుండా, రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించుకోవాలి. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ వస్తే డాక్టరుకు చూపించి, ఆయన అంతకంటే ముందే రమ్మనకపోతే మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. ఈలోగా ఒళ్లు నొప్పులకు మందుల షాపులో సొంతంగా కొని వేసుకునే నొప్పి మాత్రలు ఆపాలి. మొదటి పరీక్ష, రెండో పరీక్ష కాగితాలు రెండూ తేదీలతో సహా దాచుకోండి. రెండోసారి వీలైతే అదే ల్యాబులో చేయించుకోండి.